సగం ధర కూడా అడగని కొనుగోలుదారుకు మర్యాదగా ఏమని రాయాలి?

ప్రశ్న: తిరుపతి భైరాగిపట్టెడలో ఉంటాను. మా 2019 మోడల్ ఆక్టివా 5జీని 42,000కి ఆన్‌లైన్‌లో పెట్టాను. 31,000 కిలోమీటర్లు తిరిగింది, మొదటి ఓనర్‌ని నేనే. నిన్న ఒకాయన "20కి ఇస్తే ఈరోజే క్యాష్ ఇచ్చి తీసుకెళ్తా" అని మెసేజ్ పెట్టారు. సగం కూడా కాదు. కోపంగా రాయడం నాకిష్టం లేదు, వచ్చిన మనిషిని పోగొట్టుకోవాలనీ లేదు. ఏమని రాయాలి?

సమాధానం:

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో పాత బండ్ల కొనుగోళ్లు, అమ్మకాలు చాలాకాలంగా దగ్గరగా చూస్తున్నాను. ఆయనకు నేనైతే ఏమని రాస్తానో ముందు చెప్పి, ఒక్కొక్క మాట అందులో ఎందుకుందో తర్వాత వివరిస్తాను.

"నమస్తే అన్నా. బండి గురించి అడిగినందుకు థ్యాంక్స్. 20,000కి ఇవ్వడం నాకు వీలుకాదు. సింగిల్ ఓనర్, 31,000 కిలోమీటర్లు తిరిగింది, సర్వీసు బిల్లులు ఉన్నాయి. తిరుపతిలో ఇలాంటి బండ్లకు నడుస్తున్న ధర చూసే 42,000 పెట్టాను. మీరు వచ్చి బండి చూసి, నడిపి చూశాక ఏదైనా లోపం కనిపిస్తే దాని గురించి కూర్చుని మాట్లాడుకుందాం. బండి మీరు వాడుకోవడానికేనా అన్నా? ఏ ఊళ్లో నడుపుతారు? శనివారం సాయంత్రం 5 తర్వాత చూపించగలను."

ఆయన మిమ్మల్ని "నువ్వు" అని రాసినా మీరు "మీరు" అనే రాయండి. మన వైపు ముక్కూముఖం తెలియనివారినైనా అన్నా అని పిలవడం అలవాటే కాబట్టి ఆ పిలుపులో చనువూ ఉంటుంది, గౌరవమూ ఉంటుంది. అడిగింది ఆడవారైతే అక్కా అనో మేడమ్ అనో మార్చుకోండి. "వీలుకాదు" అన్న మాటను మాత్రం మెత్తబరచవద్దు. "చూద్దాంలెండి", "కొంచెం పెంచండి" అని రాస్తే 20,000 అన్న అంకెను మీరు బేరానికి మొదటి మెట్టుగా ఒప్పుకున్నట్టే అవుతుంది, తర్వాత దాన్ని వెనక్కి నెట్టడం చాలా కష్టం.

ఈ జవాబులో నేను కావాలనే ఒక పని చేయలేదు, అది మరో అంకె చెప్పడం. చాలామంది ఇక్కడే నష్టపోతారు. మీరు 42 అన్నారు, ఆయన 20 అన్నారు. మర్యాదకోసం మీరు 40కి దిగితే ఆయన 22కి ఎక్కుతారు, మీరు 38 అంటే ఆయన 24 అంటారు. చూడటానికి ఇద్దరూ సమానంగా సర్దుకుంటున్నట్టే ఉంటుంది, కానీ అలా రెండేసి వేలు నడిస్తే మీరిద్దరూ కలిసేది 31,000 దగ్గర. ఆ 31,000 మీ బండి ధర కాదు, ఆయన మొదట ఏ అంకె చెబితే దాన్నిబట్టి పుట్టిన మధ్యస్థం మాత్రమే. ఆయన 26 అని మొదలుపెట్టి ఉంటే అదే నడక 34 దగ్గర ఆగేది. అందుకే మరీ తక్కువ అడిగినవారికి ఎదురు అంకె ఇవ్వకూడదు. బండి చూసిన తర్వాత, చూసిన లోపాన్నిబట్టి మాత్రమే తగ్గింపు ఉంటుందని చెప్పాలి. అప్పుడు బేరం ఆయన చెప్పిన అంకె చుట్టూ కాక బండి చుట్టూ తిరుగుతుంది.

అయితే ఈ జవాబు పంపేముందు మీ 42,000 నిలబడే అంకేనా అన్నది చూసుకోండి, ఎందుకంటే "నడుస్తున్న ధర చూసే పెట్టాను" అన్న మాట నిజమై ఉండాలి. ఆన్‌లైన్‌లో అదే సంవత్సరం, అదే మోడల్, ఇంచుమించు అంతే తిరిగిన బండ్లను తిరుపతి, రేణిగుంట, చిత్తూరు, శ్రీకాళహస్తి పరిధిలో వెతికితే కొన్ని దొరుకుతాయి. అక్కడ కనిపించేవి అడుగుతున్న ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావు. వారాల తరబడి కదలకుండా ఉన్న ప్రకటనలోని ధర ఎక్కువని, పెట్టిన రెండు మూడు రోజుల్లో మాయమైన ప్రకటనలోని ధర సరిగ్గా ఉందని నేను లెక్కవేసుకుంటాను. ఆ తర్వాత ఊళ్లో ఏదైనా ఆటో కన్సల్టెన్సీకి బండి తీసుకెళ్లి, మీరైతే ఎంతకు తీసుకుంటారని అడగండి. వారు దాన్ని తుడిచి, రిపేరు చేసి, లాభానికి అమ్ముకోవాలి కాబట్టి వారు చెప్పే ధర వాడుకునేవారు ఇచ్చేదానికన్నా ఎప్పుడూ తక్కువే ఉంటుంది. అది మీకు అడుగు హద్దు, అంతకన్నా తక్కువకు ఎవరికిచ్చినా అర్థం లేదు. ఉదాహరణకు కన్సల్టెన్సీవారు 32,000 అన్నారనుకోండి. మీ బండి విలువ 32కీ 42కీ మధ్య ఉంది, మీ మనసులోని చివరి అంకె 37 దగ్గర పెట్టుకోవచ్చు. ఆ అంకెను ఎక్కడా రాయవద్దు, ఫోన్లో కూడా చెప్పవద్దు.

కొందరు బీమా పాలసీలో బండి విలువగా రాసే ఐడీవీ అన్న అంకెను చూపి "మీ బండి విలువే ఇంత" అని వాదిస్తారు. కొత్త బండికి మొదటి ఐదేళ్లు ఐడీవీ ఒక పట్టిక ప్రకారం తగ్గుతుంది: నాలుగో ఏడు దాటి ఐదు నిండేలోపు సగానికి వస్తుంది. ఐదేళ్లు దాటాక అది బీమా కంపెనీ, యజమాని ఒప్పుకున్న అంకె మాత్రమే. ప్రీమియం తగ్గించుకోవడానికి చాలామంది దాన్ని కావాలనే తక్కువగా రాయించుకుంటారు. కాబట్టి మీ బండి వయసుకు ఆ వాదన నిలవదు, మర్యాదగా ఈ ఒక్క మాట చెబితే చాలు.

ఇప్పుడు ఆ జవాబులోని రెండు ప్రశ్నలకు వస్తాను, నా దృష్టిలో అసలు పని చేసేవి అవే. తక్కువ అడిగినవారందరూ ఒకే రకం మనుషులు కారు. అడిగిన కారణం తెలిస్తే జవాబు తేలికవుతుంది.

"ఏ ఊళ్లో నడుపుతారు?" అని అడగడం మన జిల్లాల్లో ప్రత్యేకంగా అవసరం. వేలూరు, గుడియాత్తం, తిరుత్తణి, అరక్కోణం నుంచి మన ప్రకటనలు చూసేవారు చాలామందే ఉంటారు. ఆంధ్రాలో రిజిస్టరైన బండిని తమిళనాడులో తన పేరుకు మార్చుకోవాలంటే ఆయనకు ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ కావాలి, దానికి ఫారం 28 పెట్టాలి, తర్వాత అక్కడ కొత్త నంబరు వేయించుకుని రోడ్డు పన్ను మళ్లీ కట్టాలి. మీరు కట్టిన జీవితకాల పన్ను ఆయనకు అక్కడ పనికిరాదు. ఆ ఖర్చంతా మనసులో పెట్టుకుని ఆయన 20 అని ఉండవచ్చు. ఇందులో ఆయన తప్పేమీ లేదు, అలాగని మీరు భరించవలసిందీ లేదు. "అన్నా, తమిళనాడుకైతే మీకు అక్కడ పన్ను మళ్లీ పడుతుంది, అందుకే మీకు ఈ బండి గిట్టుబాటు కాకపోవచ్చు. అక్కడి నంబరు బండి చూసుకుంటే మీకే మేలు" అని రాస్తే ఆయనకు నిజంగా ఉపయోగపడే మాట చెప్పినట్టవుతుంది, బేరమూ గౌరవంగా ముగుస్తుంది. మన రాష్ట్రంలోనే నడిపేవారికి ఈ చిక్కు లేదు. జిల్లా మారినా జీవితకాల పన్ను మళ్లీ కట్టనక్కరలేదు, పేరు మార్పిడి ఒక్కటే.

"వాడుకోవడానికేనా?" అన్న ప్రశ్న వ్యాపారిని బయటపెడుతుంది. సొంతానికి కొనేవారు మైలేజీ ఎంత, బ్యాటరీ ఎప్పుడు మార్చారు, ఎక్కడైనా పడిందా అని అడుగుతారు. వ్యాపారి ఇవేవీ అడగరు. ఆర్‌సీ ఫోటో పెట్టమంటారు, ఈరోజే డబ్బిస్తానంటారు, పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద సంతకం పెట్టి ఇస్తే చాలు పేరు తర్వాత మార్చుకుంటామంటారు. మీకొచ్చిన మెసేజ్‌లో "ఈరోజే క్యాష్" అన్న మాట ఉంది కాబట్టి ఆయన వ్యాపారి అయ్యే అవకాశం ఎక్కువని నా అంచనా. వ్యాపారి తక్కువ అడగడం ఆయన వృత్తిలో భాగమే, దాన్ని అవమానంగా తీసుకోనక్కరలేదు. కానీ ఖాళీ ఫారాల మీద సంతకం మాత్రం ఎంత ధరకైనా ఇవ్వవద్దు. ఆర్‌సీలో మీ పేరు ఉన్నంతకాలం చట్టం దృష్టిలో ఓనరు మీరే. బండి చేతులు మారిపోయినా రిజిస్టర్లో ఎవరి పేరుందో వారే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటివారికి ఇలా రాయండి: "అన్నా, ధర సంగతి అటుంచితే, కొనేవారి వివరాలు నిండకుండా ఫారాల మీద సంతకం పెట్టను. మీరు రిజిస్టరైన డీలరైతే బండి మీకు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుందాం." 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం అధీకృత డీలరుకు బండి అప్పగించినట్టు పోర్టల్‌లో నమోదు చేస్తే ఆ తర్వాతి బాధ్యత ఆ డీలరుది. ఈ మాట విన్నాక నిజమైన డీలరు కొనసాగుతారు, బ్రోకరు మౌనంగా ఉండిపోతారు.

మూడో రకం వారు మీ ప్రకటనలో వివరం లేక అనుమానంతో తక్కువ అడిగినవారు. మీ బండి విషయంలో ముఖ్యంగా ఒకటి చూసుకోండి. 2018 సెప్టెంబరు 1 తర్వాత అమ్మిన కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి చేయించారు. అంటే 2019లో కొన్న మీ బండికి అది 2024లోనే అయిపోయింది. ఐదేళ్లపాటు గుర్తుపెట్టుకోనక్కరలేని విషయం కాబట్టి చాలామంది దాన్ని తర్వాత కట్టలేదు, ఇంకా ఉందనే అనుకుంటున్నారు. ఈ సంగతి తెలిసిన కొనుగోలుదారు 2019 బండి అనగానే బీమా ఉండదని లెక్కవేసుకుని అయిదారు వేలు తగ్గిస్తారు. నిజానికి 75 నుంచి 150 సీసీ బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో నిర్ణయించిన ప్రకారం 714 రూపాయలు, పన్ను అదనం. ఈ చిన్న మొత్తం మీరే కట్టి, బీమా ఏ తేదీ వరకు ఉందో ప్రకటనలో రాస్తే ఆయన చేతిలో ఉన్న ఒక పెద్ద వాదన పోతుంది. అలాగే అప్పు మీద కొన్న బండి అయితే ఆర్‌సీలో ఫైనాన్సు కంపెనీ పేరు తొలగిందో లేదో చూడండి. అప్పు ఎప్పుడో తీరినా ఫారం 35, కంపెనీ ఎన్‌ఓసీ ఇచ్చి ఆ పేరు తీయించకపోతే పేరు మార్పిడి ఆగిపోతుంది. ఆ సంగతి తెలిసినవారు ధర బాగా కోస్తారు, కోయడంలో న్యాయం కూడా ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ చిన్న పనే, అదీ తీసి ఉంచండి.

మొదటి జవాబు పంపాక ఆయన ఏమంటారో ఇంచుమించు ముందే చెప్పవచ్చు. ఎక్కువమంది "లాస్ట్ ఎంత?" అని ఒక్క మాట రాస్తారు. దానికి అంకె ఇవ్వాలనే తొందర కలుగుతుంది, ఇవ్వవద్దు. ఫోన్లో చెప్పిన చివరి ధర ఇంటికొచ్చాక మొదటి ధర అవుతుంది, అక్కడినుంచి మళ్లీ తగ్గించమంటారు. "అన్నా, బండి చూడకుండా చివరి ధర చెబితే మీకూ న్యాయం కాదు, నాకూ కాదు. చూశాక ఒకే మాట చెప్తాను" అని రాయండి. ఇంకొందరు "ఇదే మోడల్ 22కే దొరుకుతోంది" అంటారు. అది అబద్ధమని నిరూపించే పని పెట్టుకోవద్దు. "అలాంటిది మంచి కండిషన్లో దొరికితే తప్పకుండా తీసుకోండి అన్నా. రెండూ చూసి పోల్చుకోవాలనుకుంటే ఇదీ చూపిస్తాను" అంటే చాలు, ఇందులో వెటకారం లేకుండా చూసుకోండి, ఎందుకంటే నిజంగానే రెండు బండ్లూ చూసి మీ దగ్గరకు తిరిగి వచ్చేవారుంటారు. ఆయన 24, 25 అని పెంచుతూ పోతే "మీరు పెంచినందుకు సంతోషం, కానీ చూడకముందు ధర మాట్లాడలేను" అని ఒకసారి రాసి ఊరుకోండి. మూడోసారి అదే ప్రశ్న వస్తే జవాబు లేకపోవడం అమర్యాద కాదు. బ్లాక్ చేయడం, "టైమ్ పాస్ చేయొద్దు" అని రాయడం మాత్రం నాకు నచ్చదు. అలా రాసిన మాట స్క్రీన్‌షాట్‌గా నలుగురికీ పోతుంది, పైగా ఆయన బంధువుల్లోనో కాలేజీ స్నేహితుల్లోనో నిజంగా బండి కావలసినవారు ఉండవచ్చు.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్పాలి. తక్కువ అడిగేవారి కన్నా, బండి చూడకుండా 42,000కి వెంటనే ఒప్పుకునేవారి విషయంలో మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఆర్మీలో పని చేస్తున్నామని, వేరే ఊళ్లో ఉన్నామని చెప్పి, డబ్బు పంపుతున్నామంటూ క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమనేవారు వాళ్లే. మన ఖాతాకు డబ్బు రావడానికి స్కాన్ చేయడం గానీ పిన్ కొట్టడం గానీ అవసరం లేదు. బేరమాడే మనిషి కనీసం బండిని కొనాలని ఆలోచిస్తున్న మనిషి.

ఇక ఆయన శనివారం వచ్చారనుకుందాం. బండిని పొద్దుటినుంచి స్టార్ట్ చేయకుండా ఉంచండి, చల్లటి ఇంజను మొదటి నొక్కుకే అందుకుంటే దానికన్నా పెద్ద వాదన లేదు. ఆయన చూసి, ముందు టైరు అరిగిందని, సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది, బ్యాటరీ మార్చాలని అన్నారనుకోండి. రెండూ నిజమైతే ఒప్పుకోండి. ఊళ్లో మెకానిక్కును అడిగి ముందు టైరుకు సుమారు 1,500, బ్యాటరీకి సుమారు 1,300 అవుతుందని ముందే తెలుసుకుని ఉంటే, "ఈ రెండూ కలిపి 2,800 అవుతుంది, 3,000 తగ్గించి 39,000కి ఇస్తాను" అని అక్కడికక్కడే చెప్పగలరు. ఆయన 35 అంటే, "టైరు, బ్యాటరీ కాక ఇంకేమైనా కనిపించిందా అన్నా?" అని మెల్లగా అడగండి. బెల్టు శబ్దం, సైలెన్సర్ తుప్పు లాంటిది చూపిస్తే దానికీ లెక్క కట్టండి. ఏమీ చూపించలేకపోతే ఆయన అడుగుతున్నది తన సంతోషం కోసం, దానికి ఒక 500 నుంచి వెయ్యి దాకా విడవవచ్చు. ఇలా నడిస్తే 38,000, 38,500 దగ్గర బేరం తెగుతుంది. మీ మనసులోని 37కి ఇంకా పైనే ఉన్నారు. ఇరవైతో మొదలుపెట్టినవారు ఇక్కడికి వస్తారా అంటే, అందరూ రారు, కానీ వాడుకోవడానికి కొనేవారిలో చాలామంది వస్తారు, ఎందుకంటే వారి మొదటి అంకె వెనుక లెక్క ఏమీ ఉండదు, అడిగి చూద్దామనే అడుగుతారు.

ఒప్పందం కుదిరితే వెయ్యో రెండువేలో అడ్వాన్సు తీసుకుని, మిగతాది ఏ రోజు ఇస్తారో, అడ్వాన్సు ఎప్పటిదాకా చెల్లుతుందో అదే చాట్‌లో రాయించుకోండి. ఆయన వివరాలు నింపి, ఆధార్ ప్రకారం పేరు, చిరునామా సరిచూశాకే ఫారాల మీద సంతకం పెట్టండి. అదే రాష్ట్రంలో అమ్మితే బదిలీ సంగతి 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేయవలసింది అమ్మినవారే కాబట్టి ఆ పని ఆయన మీద వదలవద్దు.

రెండు వారాలు గడిచినా ఎవరూ చూడటానికి రాకపోతే, వచ్చిన బేరాలన్నీ 33, 34 దగ్గరే ఉంటే, లోపం వారిలో కాదు, మీ ధరలో ఉంది. అప్పుడు ప్రకటనలో 39,000 చేసి, ముందు మీరు మర్యాదగా కాదన్నవారందరికీ ఒక్కొక్కరికీ విడిగా ఇలా రాయవచ్చు: "అన్నా, ఇంతకుముందు మీరు ఆక్టివా అడిగారు. ధర 39,000కి తగ్గించాను, బీమా కూడా ఏడాదికి కట్టాను. ఇంకా చూస్తున్నట్టయితే చెప్పండి, ఆదివారం చూపిస్తాను." మొదటిసారి మీరు గౌరవంగా రాసి ఉంటేనే ఈ రెండో మెసేజ్‌కు జవాబు వస్తుంది.